ఫ్రిజ్‌లో నీళ్లు ఎందుకు నిలుస్తాయి? మూసుకుపోయిన డ్రెయిన్ కథ

కూరగాయల బాక్స్ బయటకు లాగితే కింద నీళ్లు. గుడ్డతో తుడిచేస్తే మర్నాడు పొద్దునకల్లా మళ్లీ అవే నీళ్లు. వెనకగోడ మీద సన్నటి ధార జారిన గుర్తు. కొత్తిమీర కట్ట కింది భాగం మెత్తబడి వాసన వేస్తుంది. నాలుగు రోజులు పోయాక నీళ్లు తలుపు కిందినుంచి వంటింటి గచ్చు మీదికీ వస్తాయి. చాలా ఇళ్లలో మొదట పిల్లల మీద అనుమానం పడుతుంది, సీసా మూత సరిగా పెట్టలేదని. ఆ తర్వాత వచ్చే అనుమానం ఖరీదైనది: గ్యాస్ లీకయిందేమోనని.

గ్యాస్ లీకైతే ఫ్రిజ్‌లో నీళ్లు నిలవవు. ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువభాగం ఐసోబ్యుటేన్ అనే గ్యాస్‌తో పనిచేస్తాయి. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద R600a అని ఉండేది అదే. అది ఉండేదే కొన్ని పదుల గ్రాములు. కారితే గాలిలో కలిసిపోతుంది తప్ప మడుగు కట్టదు. పైగా గ్యాస్ పోయిన ఫ్రిజ్ చల్లబడటం మానేస్తుంది. ఇక్కడ పాలు చల్లగానే ఉన్నాయి, ఐసు గడ్డ కడుతోంది, నీళ్లు మాత్రం నిలుస్తున్నాయి. అంటే చల్లబరిచే యంత్రాంగం బాగానే ఉంది. బయటకు పోవలసిన నీళ్లకే దారి లేకుండా పోయింది.

ఆ నీళ్లు ఎక్కడివి?

ఫ్రిజ్‌లో చేరే నీళ్లలో ఎక్కువ భాగం గాలిలోంచే వస్తాయి. తలుపు తీసిన ప్రతిసారీ లోపలి చల్లగాలి కిందికి జారి బయటకు పోతుంది, దాని చోట వంటింటి వెచ్చని గాలి, అందులోని తేమతో సహా లోపలికి వెళుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలపు రోజు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి 4 డిగ్రీలకు చల్లబడితే ఆరు గ్రాములకు కొంచెం మించి పట్టుకోలేదు. మిగతాది ఎక్కడో ఒకచోట నీరుగానో మంచుగానో మారాల్సిందే.

ఫ్రిజ్ కింది గదిలో 200 లీటర్ల గాలి ఉండి, అదంతా ఒకసారి మారితే మూడున్నర గ్రాముల నీరు లోపల చేరినట్టు. ఇది కొన్ని చుక్కలే. కానీ రోజుకు ముప్పై సార్లు తలుపు తీసే ఇంట్లో అది అరగ్లాసు దాకా వెళ్లగలదు. మూతలేని సాంబారు గిన్నె, కడిగి తడి ఆరకుండా పెట్టిన ఆకుకూరలు, వేడి తగ్గకముందే లోపల పెట్టిన అన్నం కూడా తమ వంతు తేమ కలుపుతాయి.

ఈ తేమ అంతా ఫ్రిజ్‌లో అత్యంత చల్లగా ఉండే భాగానికి చేరుతుంది. మెకానిక్‌లు దాన్ని కూలింగ్ కాయిల్ అంటారు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో ఈ కాయిల్ ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉంటుంది. దాని ఉష్ణోగ్రత సున్నాకు చాలా కింద ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడ మంచుగా పేరుకుంటుంది. మంచు మందం పెరిగితే గాలి ఆడదు, చల్లదనం తగ్గుతుంది. అందుకే ఫ్రిజ్ కొన్ని గంటలకోసారి కంప్రెసర్‌ను ఆపి, కాయిల్ కింద ఉన్న చిన్న హీటర్‌ను వెలిగించి ఆ మంచును తనంతట తాను కరిగించుకుంటుంది. ఈ పనికి పట్టేది సాధారణంగా అరగంటకు అటూ ఇటూ. డీఫ్రాస్ట్ అంటే ఇదే.

కరిగిన నీరు కాయిల్ కింద ఉన్న తొట్టిలాంటి పళ్లెంలో పడుతుంది. ఆ పళ్లెం మధ్యలో ఒక రంధ్రం, దాని కింద ఫ్రిజ్ వెనకగోడ లోపలి నుంచి దిగే సన్నని పైపు ఉంటాయి. పైపు చివర ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గర ఒక ప్లాస్టిక్ ట్రేలోకి వస్తుంది. కంప్రెసర్ వేడికి ట్రేలోని నీళ్లు ఆవిరై గదిగాలిలో కలిసిపోతాయి. అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఈ రాకపోకలు ఇంట్లోవాళ్ల కంట పడవు.

దారి ఎక్కడ మూసుకుపోతుంది?

పైపు రెండు చివర్లా రెండు రకాలుగా మూసుకుంటుంది. కింది చివర చాలా మోడళ్లలో ఒక రబ్బరు మూతి ఉంటుంది. నీళ్లు వచ్చినప్పుడు తెరుచుకుని, లేనప్పుడు దగ్గరకు చేరి, వేడిగాలి, పురుగులు పైపులోంచి పైకి పోకుండా అడ్డుకోవడం దాని పని. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ జిగటగా నాచులాంటి పొర, దుమ్ము చేరి రెండు పెదవులూ అంటుకుపోతాయి. నీళ్లు దిగవు. పైపులోనే పైకి పైకి నిలుస్తాయి.

అప్పుడు రెండో సమస్య మొదలవుతుంది. పైపు పై చివర ఫ్రీజర్‌కు ఆనుకుని ఉంది. అక్కడ మైనస్ 18 డిగ్రీల చలి. నిలిచిన నీరు గడ్డకట్టి రంధ్రానికి బిరడా బిగించినట్టవుతుంది. తర్వాతి డీఫ్రాస్ట్‌లో కరిగిన నీరు ఆ ఐసు మీదే చేరి మళ్లీ గడ్డకడుతుంది. పళ్లెం నిండిపోయాక నీళ్లు రెండు వైపులకు పోతాయి. కొన్ని ముందుకు వచ్చి ఫ్రీజర్ అడుగున అద్దంలా ఐసు పలక కడతాయి. మిగతావి చల్లగాలి కిందికి దిగే దారిలోంచి కింది గదిలోకి చుక్కలుగా పడి, వెనకగోడ వెంట జారి కూరగాయల బాక్స్ కింద మడుగు కడతాయి.

వెనకగోడే చల్లబడే రకం ఫ్రిజ్‌లు మరికొన్ని ఉన్నాయి. వీటిలో కింది గది వెనకగోడ వెనుకే కాయిల్ ఉంటుంది. గోడ మీద నీటి బొట్లు కనిపించడం వీటికి సహజం, అది లోపం కాదు. ఆ బొట్లు జారి కూరగాయల బాక్స్‌కు కాస్త పైన ఉన్న చిన్న కాలువలో పడి, మధ్యలోని రంధ్రంలోంచి వెనక్కి పోతాయి. ఈ రంధ్రం కంటికి కనపడేంత దగ్గరగా ఉండటం వల్ల దీన్ని మూసేవి మన వంటింటి వస్తువులే: కరివేపాకు రెబ్బ, ఉల్లిపొట్టు, పాలప్యాకెట్ అంచు ముక్క. గిన్నెలు వెనకగోడకు ఆనించి పెడితే మూత మీది కాగితమో కవరో కాలువలోకి జారిపోతుంది. మరమ్మతు కూడా ఈ రకానికే తేలిక.

కాకినాడ ఫ్లాటులో ఓ ఫ్రిజ్

కాకినాడలో ఒక ఫ్లాటు, అందులో ఆరేళ్ల నాటి 260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఉందనుకుందాం. ఆగస్టు నెల. వారం నుంచి కూరగాయల బాక్స్ కింద రోజుకో గ్లాసుడు నీళ్లు. ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టే ముందు కళ్లతో చూసి తేల్చుకోవలసినవి మూడున్నాయి.

మొదటిది, వెనక ట్రే. ఫ్రిజ్‌ను జాగ్రత్తగా ముందుకు జరిపి టార్చిలైటుతో కంప్రెసర్ మీది ట్రేను చూడాలి. వానాకాలంలో ఆ ట్రేలో ఎంతో కొంత తడి ఉండాలి. లోపల నీళ్లు నిలుస్తూ ట్రే మాత్రం దుమ్ము పట్టి ఎండిపోయి ఉంటే డ్రెయిన్ జామ్ అయిందనడానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు. రెండోది, ఫ్రీజర్ అడుగు. అక్కడ ఐసు పలక కట్టి ఉంటే నీళ్లు పొంగి ముందుకు వచ్చాయన్నమాట. మూడోది, తలుపు రబ్బరు. ఒక కాగితం తలుపులో పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. వదులుగా జారి వచ్చేస్తే రబ్బరు గుండా తేమగాలి లోపలికి చేరుతోంది. అలాంటప్పుడు నీటి బొట్లు ఒక్క వెనకగోడ మీదే కాక తలుపు అంచుల్లో, అరల మీద కూడా కనిపిస్తాయి.

కాకినాడ ఇంట్లో ట్రే ఎండిపోయి ఉంది, ఫ్రీజర్ అడుగున వేలి మందం ఐసు ఉంది, రబ్బరు బిగువుగా ఉంది. సంగతి తేలిపోయింది.

శుభ్రం చేసే పద్ధతి

ముందుగా ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే సరిపోదు. స్టెబిలైజర్ ఉంటే ఫ్రిజ్ తీగను దాని నుంచి కూడా విడదీయాలి. పాలు, పెరుగు, మాంసం, చేపల్లాంటివి ఐసు వేసిన డబ్బాలోకో పక్కింటి ఫ్రిజ్‌లోకో మార్చాలి.

ఏ పనిముట్టూ అక్కర్లేని మార్గం ఒకటుంది. రెండు తలుపులూ తెరిచి, ఫ్రీజర్‌లోనూ కిందా పాత తువ్వాళ్లు పరిచి, రాత్రంతా వదిలేయాలి. గోడలోని పైపు చుట్టూ వేడి చొరని నురుగు పదార్థం నింపి ఉంటుంది కాబట్టి బయటి ఐసు కరిగినా పైపులోని ఐసు అంత తొందరగా కరగదు. ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చు. దారిని అడ్డుకున్నది ఐసు ఒక్కటే అయితే దీనితోనే పని అయిపోతుంది. కింది చివర జిగట పొర ఉంటే మాత్రం కొద్ది రోజులకు నీళ్లు మళ్లీ వస్తాయి. కాబట్టి అంతవరకూ వచ్చినవాళ్లు పైపును కూడా కడిగేయడం మంచిది.

అందుకోసం ఫ్రీజర్‌లోని అర, ఐసు ట్రే తీసి వెనక ప్యానెల్‌ను పట్టి ఉంచిన స్క్రూలు విప్పాలి. సాధారణంగా అవి ఒకటో రెండో ఉంటాయి, పైన చిన్న ప్లాస్టిక్ బిళ్లలు కప్పి ఉంటాయి. ప్యానెల్‌కు ఫ్యాన్, దాని వైర్లు అతికి ఉండవచ్చు. అందుకని ఒక్కసారిగా లాగకూడదు. కాస్త ముందుకు వంచి, ప్లగ్‌లాంటి కనెక్టర్‌ను నొక్కి విడదీసి పక్కన పెట్టాలి. ఐసుతో అతుక్కుపోయి ఉంటే కరిగేదాకా ఆగాలి, బలం ఉపయోగిస్తే ప్యానెల్ విరుగుతుంది. లోపల కాయిల్ రెక్కలు పదునుగా ఉంటాయి, కాబట్టి చేతికి గ్లౌజులు ఉండాలి.

కాయిల్ కింది పళ్లెంలో గడ్డకట్టిన ఐసు, మధ్యలో రంధ్రం కనిపిస్తాయి. మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజితో, చెయ్యి ఓర్చుకోగలిగేంత వేడినీళ్లను ఆ రంధ్రం మీదికే కొద్దికొద్దిగా వదలాలి. మరిగే నీళ్లు వద్దు. చాలా ఫ్రిజ్‌లలో హీటర్ గాజు గొట్టంలో ఉంటుంది. చల్లటి గాజు మీద మరిగే నీళ్లు పడితే పగులుతుంది. ఐసు కరిగేకొద్దీ పళ్లెంలో చేరే నీళ్లను స్పాంజితో తీసేస్తూ ఉండాలి. ఒక దశలో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా గుడగుడమంటూ దిగిపోతాయి. పైన దారి తెరుచుకుందని అర్థం.

అప్పుడు వెనక్కి వెళ్లాలి. కంప్రెసర్ ముందున్న అట్టలాంటి మూత స్క్రూలు విప్పితే పైపు కింది చివర అందుతుంది. రబ్బరు మూతి ఉంటే దాన్ని మెల్లగా లాగి తీసి, సబ్బునీళ్లలో వేళ్లతో నలిపి కడగాలి. పెదవులు రెండూ సులువుగా విడిపోవాలి. తిరిగి పెట్టేటప్పుడు మొదట ఎలా ఉందో అలాగే పెట్టాలి. రబ్బరు గట్టిబడి చీలిపోయి ఉంటే ఆ మోడల్‌కు సరిపోయే కొత్తది కొనాలి. దాన్ని తీసేసి అలా వదిలేస్తే పైపులోంచి వేడిగాలి పైకి పోయి కాయిల్ దగ్గర ఇంకా ఎక్కువ మంచు కడుతుంది.

పైపులో మిగిలిన జిగురు పోవడానికి అరలీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి పైనుంచి సిరంజితో పంపితే చాలు. లోపల ఏదైనా ఇరుక్కుంటే గడ్డి కోసే యంత్రానికి వాడే మందపాటి నైలాన్ తీగను మెల్లగా దించవచ్చు. ఇనుప తీగ పనికిరాదు, అది పైపు మలుపు దగ్గర గుచ్చుకుని చిల్లు పెడుతుంది. చిల్లు పడితే నీరు గోడలోని నురుగులోకి ఇంకుతుంది, దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ నీళ్లు కూడా వద్దు. అవి రబ్బరును, అల్యూమినియం కాయిల్‌ను తినేస్తాయి, వాసన ఆహారానికి పడుతుంది.

చివర పరీక్ష. ఒక గ్లాసు నీళ్లను, అంటే సుమారు 200 మిల్లీలీటర్లు, పళ్లెం రంధ్రంలో మెల్లగా పోయాలి. నీరు నిలవకుండా దిగి, కొద్ది సెకన్లలో వెనక ట్రేలో పడాలి. ట్రే ఎంత పట్టుకుంటుందో చూసుకుంటూ పోయాలి, కడిగిన నీళ్లన్నీ చేరేదీ అందులోకే. అది పొంగితే పక్కనే కంప్రెసర్ కరెంటు కనెక్షన్లు ఉంటాయి. మధ్యమధ్య స్పాంజితో ట్రే ఖాళీ చేసి, అంతా పొడిగా తుడిచి, ఫ్యాన్ కనెక్టర్ తిరిగి పెట్టి, ప్యానెల్ బిగించాక మాత్రమే ప్లగ్ పెట్టాలి.

వెనకగోడ రకం ఫ్రిజ్‌లో ఇదంతా అక్కర్లేదు. కూరగాయల బాక్స్, దాని పైన గాజు అర తీసి, కాలువలోని చెత్తను తుడిచి, రంధ్రంలో మెత్తటి ప్లాస్టిక్ పుల్లను ఆడించి, సిరంజితో గోరువెచ్చటి నీళ్లు వదిలితే చాలు. కొన్ని కంపెనీలు ఆ రంధ్రంలోనే చిన్న ప్లాస్టిక్ పుల్ల పెట్టి ఇస్తాయి. అది పారేసేది కాదు, రంధ్రం మూసుకోకుండా ఉండటానికే.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లకు కూడా ఒక మాట

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టె పైన, దాని కింద ఒక ట్రే ఉంటాయి. ఐసు అరసెంటీమీటరు మందం దాటకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. కరిగిన నీరు కొన్ని మోడళ్లలో ఆ ట్రేలోనే నిలుస్తుంది, దాన్ని చేత్తో తీసి పారబోయాలి. మరికొన్నింటిలో ట్రే వెనక రంధ్రంలోంచి పైపు ద్వారా కంప్రెసర్ మీది ట్రేలోకి పోతుంది. ట్రేను సరిగా వెనక్కి తోయకపోతే రంధ్రం పక్కనే నీళ్లు పడి వెనకగోడ వెంట జారతాయి. కొన్ని ఇళ్లలో మెకానిక్ వచ్చి చేసే పని ఆ ట్రేను వేలితో వెనక్కి నెట్టడమే.

ఐసు త్వరగా పోవాలని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిచే అలవాటు మాత్రం ప్రమాదకరం. కాయిల్ గొట్టం పల్చటిది, చిల్లు పడితే గ్యాస్ అంతా పోతుంది. ఆ గ్యాస్ మండే స్వభావం కలది. పొరపాటున చిల్లు పడి బుస్సుమని శబ్దం వస్తే కిటికీలు తెరిచి, గదిలో ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా, మంట లేకుండా చూసుకుని బయటకు వచ్చేయాలి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

శుభ్రం చేసిన రెండు మూడు వారాలకే రంధ్రం మళ్లీ ఐసుతో మూసుకుంటే తప్పు పైపుది కాదు. చాలా మోడళ్లలో హీటర్ వేడి రంధ్రం దాకా చేరడానికి ఒక లోహపు పట్టీనో తీగనో కిందికి దించి ఉంచుతారు. అది ఊడిపోయినా, గతంలో రిపేరు చేసినవాళ్లు తిరిగి పెట్టకపోయినా రంధ్రం దగ్గర ఐసు ప్రతిసారీ కరగకుండా మిగులుతుంది. హీటర్ కాలిపోయినా, సెన్సర్ పాడైనా ఇదే జరుగుతుంది. కానీ అప్పుడు కనిపించే తీరు వేరు. డ్రెయిన్ జామ్ ఒక్కటే అయితే కాయిల్ కింది భాగంలోనే ఐసు ఉంటుంది, చల్లదనం చాలాకాలం తగ్గదు. హీటర్ పనిచేయకపోతే కాయిల్ మొత్తం తెల్లటి మంచుతో కప్పుకుపోతుంది, ముందుగా కింది గది చల్లబడటం తగ్గుతుంది, ఆ తర్వాత ఫ్రీజర్. హీటర్, సెన్సర్ పరీక్షలు మీటరు పట్టడం తెలిసిన మెకానిక్ చేయవలసినవి. పిలిచినప్పుడు "గ్యాస్ చూడండి" అనకుండా "డ్రెయిన్ కడిగాం, మళ్లీ ఐసు కడుతోంది, హీటర్ చూడండి" అని చెబితే పని నేరుగా అసలు చోటికి వెళుతుంది.

ఒక సంగతి డ్రెయిన్ బాగుపడ్డాక గుర్తుపెట్టుకోవలసింది. దారి తెరుచుకున్నాక వెనక ట్రేలోకి మళ్లీ నీళ్లు వస్తాయి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీటిలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ చెప్పేటప్పుడు పూలకుండీలు, కూలర్లతో పాటు ఫ్రిజ్ వెనక ట్రేను కూడా చూడమనేది అందుకే. వానాకాలంలో వారానికోసారి ఆ ట్రేను తుడిచి కడిగితే దోమలు పెరగవు. ట్రేలో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. వానాకాలంలో వరసగా రెండు వారాలు ట్రే ఎండిపోయి కనిపిస్తే, లోపల కూరగాయల బాక్స్ కింద చెయ్యి పెట్టి చూడండి.